జీతం మీద బతికే ఇంట్లో పందేల ఖర్చుకు నెలవారీ హద్దు, ఆపే గీత: తరచుగా అడిగే ప్రశ్నలు

నేను విశాఖలో ఉద్యోగం చేస్తాను. మా ఆఫీసు ఉద్యోగుల పొదుపు సొసైటీలో లోన్ అప్లికేషన్లు చూసే కమిటీలో చాలా ఏళ్లుగా ఉన్నాను. లోన్ ఎందుకో రాసే గడిలో "అమ్మ వైద్యం" అని ఒకే మనిషి ఏడాదిలో మూడోసారి రాస్తే పక్కకు పిలిచి మాట్లాడతాను, వాటిల్లో కొన్ని పందేల దగ్గరే తేలాయి. అక్కడ నన్ను అడిగినవీ, ఫోన్లో అడిగినవీ ప్రశ్నలు ఇక్కడ పెడుతున్నాను. పందెం ఆడమని ఎవరికీ చెప్పడం లేదు. ఆడతానని తేల్చుకున్నవాడికి, ఇంట్లో తన జీతం మీద ఆధారపడ్డ నలుగురు ఉన్నవాడికి, లెక్క ఎలా ఉండాలో చెబుతున్నాను.

ఫోన్లో రమ్మీ, క్రికెట్ బెట్టింగ్ యాప్‌లకు నెలకు ఇంత అని పెట్టుకోవచ్చా?

పెట్టుకోకూడదు. మన రాష్ట్రంలో 2020లో గేమింగ్ చట్టాన్ని సవరించి ఆన్‌లైన్‌లో డబ్బు పెట్టి ఆడే ఆటల్ని నిషేధించారు, ఆ చట్టం కింద ఆడినవాళ్ల మీద కూడా కేసు పెట్టొచ్చు. తర్వాత 2025 ఆగస్టులో పార్లమెంటు చట్టం చేసి, నైపుణ్యం ఆటా అదృష్టం ఆటా అనే తేడా లేకుండా ఆన్‌లైన్ మనీ గేమ్స్ అన్నింటినీ దేశమంతటా ఆపేసింది. ఆ యాప్‌లు నడిపినా, ప్రకటనలు ఇచ్చినా, డబ్బు లావాదేవీలు చేసిపెట్టినా నేరమే. ఇప్పుడు టెలిగ్రామ్ గ్రూపుల్లో లింకు పంపి ఆడించేవన్నీ దొంగచాటువి, గెలిచిన డబ్బు ఇవ్వకపోతే అడగడానికి మీకు చోటు ఉండదు. అలాంటి దానికి, ఇంత పెట్టాక ఆగిపోతాననే ఆపే గీత గీసుకున్నా పని చేయదు, ఎందుకంటే ఖాతాలో కనిపించే అంకె మీ చేతికి వచ్చేదాకా డబ్బే కాదు.

ఆఫీసులో ఐపీఎల్‌కి తలా వంద వేసుకుంటాం, సంక్రాంతికి కోడిపందేలకు వెళ్తాం. అదైనా పరవాలేదా?

రెండూ చట్టం ఒప్పుకోనివే. ఇంకో మాట కూడా ఉంది. పందెం బరి దగ్గర అప్పటికప్పుడు వడ్డీకి డబ్బులిచ్చేవాళ్లు తిరుగుతుంటారు. బండి తాకట్టు పెట్టుకుంటారు, మెడలో గొలుసు పెట్టుకుంటారు. అప్పు అంత చేతికి అందే దూరంలో ఉన్న చోట ఏ హద్దూ నిలబడదు.

మరి విశాఖ వాడికి చట్టబద్ధంగా మిగిలింది ఏమిటి?

దగ్గరలో ఉన్నది హైదరాబాద్ మలక్‌పేట రేస్ కోర్సు. గుర్రప్పందేన్ని నైపుణ్యం ఉన్న ఆటగా సుప్రీంకోర్టు 1996లో తమిళనాడు కేసులో తేల్చింది, అందుకే క్లబ్బు ఆవరణలో కౌంటర్ దగ్గర టికెట్ కొని ఆడటం నడుస్తోంది. రెండోది గోవా వెళ్లి లైసెన్సు ఉన్న క్యాసినోలో ఆడటం. విశాఖలో ఈ రెండూ లేవు. దీన్ని నేను మంచి విషయంగానే లెక్కేస్తాను, ఎందుకంటే గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో ఒక రాత్రి ప్రయాణం చేస్తే తప్ప ఆడలేని ఆట, నడిరాత్రి మంచం మీద ఫోన్లో ఆడే ఆట కంటే ఎన్నో రెట్లు తక్కువ ప్రమాదం.

దీనివల్ల బడ్జెట్ రూపం కూడా మారుతుంది. డబ్బు నెలనెలా ఒక కవరులో పక్కన పెడతారు, ఖర్చు మాత్రం ఏడాదికి రెండుసార్లే. మిగతా పది నెలలూ ఆ కవరు బీరువాలో ఉంటుంది. ఇకమీదట చెప్పేదంతా ఈ ఏర్పాటును బట్టే చెబుతాను, ఉదాహరణగా రేసులనే తీసుకుంటాను.

జీతంలో ఎంత శాతం పెట్టుకోవచ్చు?

శాతం అడక్కండి. 46,000 తెచ్చుకునే ఇద్దరిలో ఒకడికి సొంతిల్లు, ఇంకొకడికి అద్దె, తల్లికి షుగరు, ఇద్దరు బడి పిల్లలు. ఇద్దరికీ ఒకే శాతం ఎలా సరిపోతుంది? అన్నీ పోగా మిగిలినదాన్నుంచి లెక్క మొదలుపెట్టాలి, "అన్నీ" అంటే ఏడాదికోసారి వచ్చేవి కూడా.

గాజువాకలో ఉండే ఒక తమ్ముడితో కూర్చుని వేసిన లెక్క చెబుతాను. చేతికొచ్చేది 46,000. అద్దె 11,000. సరుకులు, పాలు, కూరగాయలు, గ్యాస్ కలిపి 11,500. పిల్లల ఫీజులు జూన్‌లో ఒక్కసారే కడతాడు కాబట్టి తన లెక్కలో అవి లేనే లేవు, నేను పన్నెండుతో భాగించి నెలకు 5,500 రాయించాను. అమ్మ మందులు 2,200. బండి కిస్తీ 3,100, పెట్రోలు 2,500. కరెంటు, ఫోన్లు, టీవీ కలిపి 2,400. ఎల్ఐసీ, ఆరోగ్య బీమా ప్రీమియం నెలకు పంచితే 2,300. రికరింగ్ డిపాజిట్ 3,000. మొత్తం 43,500 అయింది, మిగిలింది 2,500.

అతను అప్పటిదాకా తన దగ్గర నెలకు పది వేల పైన మిగులుతోందని అనుకుంటున్నాడు. ఫీజులూ ప్రీమియంలూ నెలలోకి తెచ్చి చూడకపోవడం వల్ల వచ్చిన పొరపాటు అది. చాలామంది అలా లేని డబ్బును ఉందనుకునే పందెం కాస్తారు.

ఆ 2,500 కూడా పందేనికి కాదు. పెళ్లికి చదివింపులు, బండి టైరు, జ్వరం వస్తే డాక్టరు, ఇవన్నీ అందులోంచే. వాటికి వెయ్యి వదిలేస్తే 1,500 మిగిలింది, అది ఇంటిల్లిపాదికీ సరదా డబ్బు. నెలకోసారి సినిమా, ఆదివారం ఆర్కే బీచ్‌లో పిల్లలకు మొక్కజొన్న పొత్తులు, ఐస్‌క్రీమ్, అన్నీ ఇందులోవే. అందులో మూడో వంతు, అంటే 500, అతని ఒక్కడి సరదాకు. ఆరు నెలలకు 3,000.

ప్రయాణం ఖర్చు ఇందులోంచేనా?

ఇందులోంచే, తప్పకుండా. "రైలు ఖర్చు వేరు, ఆడే డబ్బు వేరు" అన్న మాట దగ్గరే చాలా లెక్కలు తప్పుతాయి. స్లీపర్‌లో రానుపోను టికెట్లు, ఆటోలు, రెండు పూటల భోజనం, లోపలికి వెళ్లే టికెట్ కలిపి మా లెక్కలో 1,500 రాసుకున్నాం. అంటే 3,000లో ఆటకు మిగిలింది 1,500. ఇంత దూరం వెళ్లి 1,500తో ఆడటమా అని అతను అన్నాడు. అవును, ఆ ఇంటికి అంతే తగును. అది చాలదనిపిస్తే వెళ్లకపోవచ్చు.

ఆపే గీతను స్టాప్ లాస్ అంటారు కదా, అది షేర్లలో పెట్టుకునేదేనా?

పేరు అక్కడిదే, పని మాత్రం వేరు. షేరు 100కు కొని 92 దగ్గర స్టాప్ లాస్ పెడితే, ధర అక్కడికి దిగగానే అమ్ముడైపోయి ఎనిమిది రూపాయల నష్టంతో బయటపడతారు, 92 చేతికొస్తుంది. పందెంలో అలా మధ్యలో దిగే వీలు లేదు. టికెట్ కొన్నాక గుర్రం ఓడితే ఆ టికెట్ మొత్తం పోయినట్టే. కాబట్టి ఇక్కడ ఆపే అవకాశం ఒక పందేనికీ ఇంకో పందేనికీ మధ్యలో మాత్రమే ఉంటుంది.

దీన్నుంచి రెండు సంగతులు తేలతాయి. మొదటిది, ఒక్కో పందెం చిన్నదిగా ఉంటేనే ఆపే గీతకు అర్థం. 1,500 హద్దు పెట్టుకుని మొదటి రేసులోనే 1,000 పెడితే గీత కనిపించేలోపే రోజు అయిపోతుంది. మేము హద్దులో పదో వంతు, అంటే 150 మించి ఏ పందెమూ ఉండకూడదని రాసుకున్నాం. రెండోది, ఆపే గీత వల్ల మీ గెలుపు అవకాశం పిసరంత కూడా పెరగదు. అది మీరు ఎంత డబ్బును తిప్పుతారన్నదాన్ని తగ్గిస్తుంది, అంతే. అయితే నష్టం పెరిగేది తిప్పిన డబ్బును బట్టే కాబట్టి, ఆ ఒక్క పని చేసినా చాలు.

తిప్పిన డబ్బు అంటే? నేను తీసుకెళ్లేది 1,500 కదా, పోయినా అంతే కదా?

జేబులోది 1,500 అయినా, గెలిచింది మళ్లీ పెడుతూ పోతే సాయంత్రానికి మీ చేతుల మీదుగా 5,000 తిరగొచ్చు. తిరిగిన ప్రతిసారీ అందులో ఒక వాటా పక్కకు పోతుంది. రేసుల్లో ఆ వాటా చిన్నది కాదు. పందెం పూర్తి విలువ మీద ముందు 28 శాతం జీఎస్టీ ఉండేది, 2025 సెప్టెంబరు 22 నుంచి అది 40 శాతం. అంటే 100 రూపాయల పందెం మీద 40 పన్ను. దాన్ని విడిగా చూపించినా ధరలో కలిపేసినా కట్టేది మీరే. జేబులోంచి పోయిన ప్రతి 140లో 100 మాత్రమే పందెం. ఆ వందల్ని పోగేసిన పూల్‌లోంచి క్లబ్బు తన కమీషన్ తీసుకుని, మిగిలింది గెలిచిన టికెట్లకు పంచుతుంది.

ఊరికే లెక్క కోసం ఆ కమీషన్ వందకు 15 అనుకుందాం. అప్పుడు అందరూ కలిసి 140 కడితే అందరికీ కలిపి తిరిగొచ్చేది 85. రూపాయికి దాదాపు నలభై పైసలు ఆడకముందే పోయినట్టు. గుర్రాల గురించి బాగా తెలిసినవాడు పక్కవాళ్ల కంటే మెరుగ్గా ఎంచుకోగలడు, అది నిజమే. కానీ ఈ నలభై పైసల గోతిని పూడ్చేంత తెలివి ఆదివారం ఉదయం రేసుల పుస్తకం కొనుక్కుని గేటు దగ్గర నిలబడి చదివితే రాదు. అందుకే దీన్ని సినిమా టికెట్ లాంటి ఖర్చుగానే చూడమంటాను.

గెలిచిన డబ్బుతో ఆడితే నష్టమేముంది? అది నా జేబులోది కాదు కదా.

గెలిచిన క్షణం నుంచి అది మీ జేబులోదే. ఇక్కడే ఆపే గీతలో అన్నిటికంటే ముఖ్యమైన నియమం ఉంది: పెట్టిన డబ్బును లెక్కపెట్టాలి, నికర నష్టాన్ని కాదు. "1,500 నష్టం వచ్చేదాకా ఆడతాను" అని పెట్టుకుంటే, మధ్యలో 400 గెలిచినప్పుడల్లా గీత 400 వెనక్కి జరుగుతుంది, సాయంత్రం దాకా ఆడుతూనే ఉంటారు. "మొత్తం 1,500 పెట్టాక ఆపేస్తాను" అంటే గెలిచినా ఓడినా గీత కదలదు.

చేతల్లో దీన్ని రెండు జేబులతో చేయొచ్చు. ఆడే డబ్బు ప్యాంటు జేబులో, అన్నీ 50, 100 నోట్లుగా. గెలిచింది చొక్కా జేబులో, దానికి గుండీ. చొక్కా జేబులోంచి డబ్బు తీయకూడదు. ఫోన్ పే, కార్డులు ఆ రోజు ఆటకు పని చేయకూడదు. ఏటీఎం కార్డు ఇంట్లో వదిలి వెళ్లాలి. బ్యాంకు యాప్‌లో రోజువారీ యూపీఐ హద్దును ముందురోజే ఆటోకీ భోజనానికీ సరిపడేంత తక్కువకు దించుకోవాలి.

ఒక రోజు ఎలా గడుస్తుందో చెప్పండి.

ఆ తమ్ముడి మొదటి ప్రయాణం రోజు రాసుకున్న చిన్న నోట్‌బుక్ నాకు చూపించాడు, దాన్నే చెబుతాను. ఎడమవైపు రేసు నంబరు, మధ్యలో పెట్టింది, కుడివైపు వచ్చింది. పైన ముందే పెద్ద అక్షరాలతో రాసుకున్నాడు: ఒక్కో పందెం 150, మొత్తం 1,500, సగం దగ్గర ఒక రేసు విరామం, చివరి రేసు ఆడకూడదు.

మొదటి రేసు 150, పోయింది. రెండోది 150, పోయింది. మూడోదాంట్లో ప్లేస్ టికెట్ కొన్నాడు, అంటే గుర్రం మొదటే రానక్కర్లేదు, ముందు స్థానాల్లో ఉంటే చాలు. 420 వచ్చింది, చొక్కా జేబులో పెట్టాడు. నాలుగు, అయిదు రేసులు రెండూ పోయాయి. అప్పటికి పెట్టింది 750, సగం గీత. ఆరో రేసుకు కౌంటర్ వైపు వెళ్లకుండా టీ తాగుతూ నోట్‌బుక్ చూసుకున్నాడు. ఏడోది 150, పోయింది. తర్వాతది చివరి రేసు.

ఆ చివరి రేసు పేజీలో 600 అని రాసి కొట్టేసి ఉంది. ఏమిట్రా ఇది అని అడిగాను. "అన్నా, ప్యాంటు జేబులో ఇంకా 600 ఉంది, మొత్తం ఒకే గుర్రం మీద పెడితే అన్నీ తిరిగొచ్చేస్తాయి అనిపించింది, అంకె కూడా రాసేశాను. పైన పెద్ద అక్షరాలు కనిపించాయి, కొట్టేశాను" అన్నాడు. ఆ కొట్టేసిన 600 నాకు ఆ పుస్తకం మొత్తంలో ముఖ్యమైన గీతలా కనిపించింది. పెట్టింది 900, వచ్చింది 420, ఆట ఖర్చు 480. మిగిలిన 1,020 మళ్లీ కవరులోకి పోయింది.

చివరి రేసు మీద అంత పట్టుదల ఎందుకు?

రోజంతా పోగొట్టుకున్నవాడికి అదే ఆఖరి దారిలా కనిపిస్తుంది. చిన్న పందెంతో నష్టం పూడదు కాబట్టి పెద్ద పందెం పెడతాడు, మామూలు గుర్రంతో పూడదు కాబట్టి గెలవడం కష్టమైన గుర్రం మీద పెడతాడు. రెండు తప్పులూ ఒకేసారి చేసే సమయం అది.

ఓడిన ప్రతిసారీ రెట్టింపు పెడితే ఎప్పుడో ఒకప్పుడు గెలుస్తాం కదా, అప్పుడు అన్నీ వచ్చేస్తాయి కదా?

దీని గురించి నా సొంత అనుభవం చెబుతాను. కొన్నేళ్ల క్రితం ఆఫీసువాళ్లతో గోవా వెళ్లినప్పుడు ఒక క్యాసినోలో రౌలెట్ బల్ల దగ్గర నేను సరిగ్గా ఇదే చేశాను. ఎరుపు మీద 100, పోతే 200, పోతే 400. మొదటి గంటలో చాలాసార్లు వంద వంద చొప్పున వచ్చింది, నాకేదో కిటుకు దొరికిందనుకున్నాను. తర్వాత వరసగా నలుపు పడటం మొదలైంది. చేతిలో చిప్స్ అయిపోయాయి. కార్డుతో డబ్బు తీశాను, ఆ ఖాతాలో ఉన్నది పాప బడి ఫీజు. 12,000 పోయాక లేచాను. ఇంటికొచ్చాక వారం రోజులు మా ఆవిడకు చెప్పలేదు. "ఏమండీ, ఫీజు కట్టేశారా?" అని అడిగిన ప్రతిసారీ రేపు అన్నాను. ఆ వారం డబ్బు పోయినదానికంటే ఎక్కువ బాధ పెట్టింది.

లెక్క చూడండి. 100, 200, 400, 800 కలిపితే సరిగ్గా 1,500. అంటే నెలలు కూడబెట్టిన డబ్బు వరసగా నాలుగు ఓటములతో అయిపోతుంది. రౌలెట్‌లో సున్నాతో కలిపి 37 గళ్లుంటాయి, ఎరుపు 18. నాలుగుసార్లు వరసగా ఎరుపు రాకపోవడం వందకు దాదాపు ఏడుసార్లు జరుగుతుంది, అంటే ఈ పద్ధతి పద్నాలుగు సార్లు మొదలుపెడితే ఒకసారి మొత్తం పోతుంది. మిగతా పదమూడు సార్లూ వచ్చేది వందే, కలిపి 1,300. పోయేది 1,500. తరచూ చిన్నగా గెలుస్తూ ఉండటం వల్ల పద్ధతి పని చేస్తోందన్న నమ్మకం కుదురుతుంది, అసలు ప్రమాదం ఆ నమ్మకమే. అందుకే నా నియమాల్లో ఓడాక పందెం పెంచడం అసలు లేదు. ఒకసారి 150 అనుకుంటే రోజంతా 150.

ఒక నెల ఆడకపోతే ఆ డబ్బు తర్వాతి నెలకు కలుపుకోవచ్చా? మిగిలిన 1,020 సంగతి?

ఆరు నెలల దాకా కలుపుకోవచ్చు, ఎందుకంటే ఏర్పాటే అలా ఉంది. అంతకుమించి వద్దు. ప్రయాణం అయ్యాక కవరులో మిగిలింది ఇంటి సరదా డబ్బులో కలిపేయాలి, కవరు సున్నా నుంచి మొదలవ్వాలి. లేకపోతే రెండేళ్లకు కవరులో పది వేలుంటాయి, ఇన్నాళ్లూ కూడబెట్టాను కదా అని ఒకేరోజు పదీ తీసుకెళ్తారు. ఆ తమ్ముడి 1,020తో వాళ్లావిడ, పిల్లలు కైలాసగిరి వెళ్లొచ్చారు.

వెనక్కి అప్పు తీసుకోవడం మాత్రం ఎప్పుడూ కుదరదు. వచ్చే నెల 500 ఈ నెలే తీసుకుంటానంటే హద్దు పోయినట్టే. చిట్టీ పాడిన డబ్బు, జీతం అడ్వాన్సు, బోనస్, క్రెడిట్ కార్డు, ఏవీ ఈ కవరులోకి రాకూడదు.

గెలిస్తే పన్ను ఉంటుందా? చిన్న మొత్తాలకు కూడానా?

ఉంటుంది. రేసులు, లాటరీలు, క్యాసినోల గెలుపు మీద 30 శాతం, దాని మీద సెస్ కలిపితే 31.2 శాతం. మీ జీతం ఏ స్లాబులో ఉన్నా ఇదే రేటు. ఒకే గెలుపు 10,000 దాటితే రేసు క్లబ్బు ముందే పన్ను పట్టుకుని మిగతాది ఇస్తుంది. దాటకపోతే పట్టుకోరు, కానీ రిటర్న్‌లో చూపించాల్సిన బాధ్యత మీదే.

చాలామందికి తెలియనిది ఒకటుంది, ఓడిన డబ్బును గెలిచిన డబ్బులోంచి తీసేసుకోనివ్వరు. ఏడాదిలో ఒకచోట 9,000 గెలిచి, మిగతా రోజుల్లో 12,000 పోగొట్టుకున్నారనుకోండి. మీ లెక్కలో 3,000 నష్టం. పన్ను లెక్కలో మాత్రం 9,000 ఆదాయం, దాని మీద 2,808 కట్టాలి. నిజమైన నష్టం 5,808 అవుతుంది. ఇంకొకటి, జీతం తప్ప వేరే ఆదాయం లేనివాళ్లు వేసే ఐటీఆర్-1లో రేసు గెలుపు చూపించే వీల్లేదు, ఐటీఆర్-2 వేయాలి. ఆఫీసులో అందరితోపాటు వేయించుకునే రిటర్న్ ఆ ఏడాది మీకు సరిపోదు. నోట్‌బుక్‌లో తేదీతో సహా రాసుకోవడానికి ఇదీ ఒక కారణం.

ఇంట్లో చెప్పాలా?

చెప్పాలి. నోట్‌బుక్, కవరు ఇద్దరికీ తెలిసిన చోట ఉండాలి. కవరు వాళ్లావిడ దగ్గరే ఉంచమని ఆ తమ్ముడికి చెప్పాను. ఆమె మొదట "ఏటండీ ఇది, పందేలకి కూడా చీటీ రాస్తారా?" అని కోప్పడిందట. కోప్పడటానికి ఆమెకు హక్కుంది, అది ఇంటి డబ్బు. కూర్చుని పై లెక్క మొత్తం చూశాక ఆమె ఒకే షరతు పెట్టింది: అమ్మ మందులు కొన్న నెలల్లోనే 500 కవరులోకి వెళ్లాలి, మందుల బిల్లు పెరిగిన నెలలో కవరు ఖాళీ. నేను రాసిన నియమాలన్నిటికంటే అది గట్టిది.

నియమం తప్పితే ఏం చేయాలి?

ఎంత తప్పారన్నది కాదు, తప్పారా లేదా అన్నదే లెక్క. 150కి బదులు 200 పెట్టినా తప్పినట్టే. మొదటిసారైతే వచ్చే ఆరు నెలలు కవరు లేదు. రెండోసారైతే ఈ ఖర్చు మీ ఇంటి బడ్జెట్‌లోంచి శాశ్వతంగా పోవాలి. కఠినంగా అనిపించవచ్చు, కానీ సొసైటీలో నేను చూసిన ప్రతి పెద్ద అప్పు వెనకా ఒక చిన్న "ఈ ఒక్కసారికి" ఉంది.

అసలు ఈ బడ్జెట్టే పెట్టుకోకూడనివాళ్లు ఎవరు?

క్రెడిట్ కార్డు బాకీ నెలనెలా తిరగేస్తున్నవాళ్లు, బంగారం తాకట్టులో ఉన్నవాళ్లు, లోన్ యాప్ అప్పు ఉన్నవాళ్లు, మూడు నెలల ఇంటి ఖర్చు పక్కన లేనివాళ్లు. వీళ్ల హద్దు సున్నా. అలాగే ఇంతకుముందు ఒకసారి పందేల వల్ల అప్పులపాలై బయటపడ్డవాళ్లకు కూడా సున్నాయే, వాళ్లకు చిన్న హద్దు అనేది లేదు.

మిమ్మల్ని మీరు చూసుకోవడానికి కొన్ని గుర్తులు చెబుతాను. ఆడని రోజున కూడా ఆట గురించే ఆలోచన తిరగడం. ఎంత పోయిందో అడిగితే తక్కువ చేసి చెప్పడం. రెండో సిమ్, ఇంట్లో తెలియని రెండో ఖాతా. మొదట్లో 150తో వచ్చిన సరదా ఇప్పుడు 500 పెడితే తప్ప రాకపోవడం. పీఎఫ్ ఎంత తీయొచ్చో వెతకడం. రికరింగ్ డిపాజిట్ కిస్తీ ఒక నెల తప్పడం. వీటిలో ఒక్కటి ఉన్నా కవరు పక్కన పెట్టి మూడు నెలలు పూర్తిగా ఆపి చూడండి. ఆపలేకపోతే, ఆపినందుకు చిరాకు, నిద్ర పట్టకపోవడం, మనసంతా టెన్షన్‌గా ఉంటే, అది ఇక బడ్జెట్‌తో తీరేది కాదు, వైద్యం కావాలి. 14416 టెలీ మానస్ నంబరు, ప్రభుత్వానిది, ఉచితం, తెలుగులో మాట్లాడొచ్చు. మన ఊళ్లోనే వాల్తేరులో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది. మా ఆఫీసు నుంచి ఒకతను అక్కడికి వెళ్లడానికి సిగ్గుపడితే నేనే తోడు వెళ్లాను. బయట బెంచీ మీద కూర్చుని తన వంతు కోసం ఎదురుచూస్తూ, ఇంట్లో చెప్పని అప్పు అంకె మొదటిసారి నాకు చెప్పాడు.

ఇంట్లో ఆవిడ అసలు వద్దంటోంది. 500 కూడా ఇవ్వనంటోంది. ఏం చేయాలి?

వద్దంటే వద్దు. ఇద్దరూ ఒప్పుకున్న ఖర్చు కాకపోతే అది దొంగచాటు ఖర్చే అవుతుంది, దొంగచాటు ఖర్చుకు ఏ గీతా ఆగదు. ఆ 500ని అలాగే పోస్టాఫీసు రికరింగ్ డిపాజిట్‌లో వేయండి, 6.7 శాతం వడ్డీ లెక్కన అయిదేళ్లకు కట్టింది 30,000, వచ్చేది సుమారు 35,700. గోవా నుంచి వచ్చాక మా ఇంట్లో జరిగింది అదే. ఆ పాస్‌బుక్ పాప పేరు మీద ఉంది, కిస్తీ ప్రతి నెలా అయిదో తారీకు లోపు మా ఆవిడే వెళ్లి కట్టి వస్తుంది.